సారాంశంలో ఆకురాయి జారిపోకుండా

ప్రశ్న: మా గ్రంథాలయంలో పన్నెండు మందిమి ప్రతి ఆదివారం కలిసి చార్లెస్ డికెన్స్ 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' నవలను ఇంగ్లీషులో చదువుతున్నాం. రాలేకపోయినవాళ్ల కోసం అధ్యాయాలవారీగా తెలుగులో సారాంశం రాసే పని నాకు అప్పగించారు. ఒక్కో అధ్యాయానికి నాలుగైదు వందల మాటలు రాస్తున్నాను. 22వ అధ్యాయానికే పదివేల మాటలు దాటాయి. ఒక్క సంఘటన కూడా వదిలిపెట్టలేదు. అయినా మొన్న ఒకావిడ, "మీరు రాసినవన్నీ చదివాను. అసలు కథ ఎటు పోతోందో తెలియడం లేదు" అన్నారు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

— ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: మీ ఉత్తరాన్నిబట్టి చూస్తే, ఆ వారం చదివిన అధ్యాయానికి ఆ వారమే సారాంశం రాస్తున్నారని అర్థమవుతోంది. ముందు దాన్ని ఆపండి. మీ బృందం ఎంతవరకు వచ్చిందో అంతవరకే ఉండనివ్వండి. మీరు మాత్రం మిగతా 37 అధ్యాయాలూ ఒంటరిగా చదివేయండి. రోజుకు రెండు మూడు అధ్యాయాల చొప్పున రెండు వారాల పని. ఆ రెండు వారాలూ సారాంశం రాయకండి. ఒక్కో అధ్యాయం పూర్తికాగానే ఒక్క వాక్యం మాత్రం పెన్సిలుతో రాసుకోండి: ఈ అధ్యాయం మొదలైనప్పుడు లేనిది, ముగిసేసరికి ఉన్నది ఏమిటి?

ఇలా అనడానికి కారణం ఉంది. మూడో అధ్యాయంలో పిప్ అనే చిన్న పిల్లవాడు పొగమంచు కమ్మిన చిత్తడి నేలల్లో పారిపోయిన ఖైదీకి తిండి తీసుకెళ్తాడు. దానితోపాటు తన బావ జో కొలిమిలోనుంచి దొంగిలించిన ఆకురాయి కూడా ఇస్తాడు. మొదటిసారి చదివేవాళ్లకు అందులో తిండి ముఖ్యమో, ఆకురాయి ముఖ్యమో, దారిలో కనిపించిన రెండో ఖైదీ ముఖ్యమో తెలియదు. అన్నీ సమానంగానే కనిపిస్తాయి. అందుకే అన్నీ రాస్తాం. చివరిదాకా చదివినవాళ్లకు మాత్రం ఆ మూడింటిలో ఏదీ వదలకూడదనీ, అంతకుముందు పిప్ దాటి వచ్చిన గేట్ల గురించి, కట్టల గురించి రాయనక్కరలేదనీ తెలుస్తుంది. సారాంశం రాసేవాళ్లు రెండోసారి చదువుతున్నవాళ్లయి ఉండాలి. మొదటిసారి చదువుతూ రాసేది దినచర్య అవుతుంది, సారాంశం కాదు.

నవల పూర్తయ్యాక మీరు మొదట రాయవలసింది ఒకటో అధ్యాయం కాదు, 39వ అధ్యాయం. కథ వెన్నెముక అక్కడుంది. పిప్‌కు 23 ఏళ్లు నిండాయి. లండన్లో పెద్దమనిషిగా బతుకుతున్నాడు. గాలీవానా ఊపేస్తున్న రాత్రి మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తుంది. వచ్చినవాడు ఒకప్పటి ఆ ఖైదీయే. తనను పెద్దమనిషిని చేసిన డబ్బు, తాను నమ్మినట్టు ఊళ్లోని ధనవంతురాలు మిస్ హావిషామ్‌ది కాదనీ, ఆస్ట్రేలియాలో ఈ మనిషి కష్టపడి సంపాదించి పంపినదనీ పిప్‌కు ఆ రాత్రి తెలుస్తుంది. ఆవిడ పెంపుడు కూతురు ఎస్టెల్లాను తన కోసమే పెంచుతున్నారని కట్టుకున్న కల కూలిపోతుంది. ఆ డబ్బు చూసుకునే కదా జోను వదిలేశాను అన్న బాధ దాని వెనకే వస్తుంది.

ఆ అధ్యాయం రాశాక నవల దారం రెండు ప్రశ్నల్లో దొరుకుతుంది. పిప్‌ను పెద్దమనిషిని చేసింది ఎవరు? ఆ సంగతి తెలిసేలోపు, తనను నిజంగా ప్రేమించినవాళ్లకు పిప్ ఎంత దూరమవుతాడు? నేనైతే ఈ రెండూ ఒక కాగితం మీద రాసి, బల్ల మీద ఎదురుగా పెట్టుకుంటాను. ప్రతి అధ్యాయం సారాంశంలోనూ ఈ రెండింటిలో ఒకదానికి సంబంధించిన కదలిక కనీసం ఒక్క వాక్యంలోనైనా ఉండాలి. ఏ కదలికా కనిపించకపోతే ఆ అధ్యాయం మీకు ఇంకా అర్థం కాలేదనుకోండి. లేదంటే, దాన్ని రెండు వాక్యాల్లో తేల్చేయవచ్చు. ఏది నిజమో మరోసారి చదివితే తెలిసిపోతుంది.

ఇప్పుడు 39 నుంచి వెనక్కి నడవండి. దీనికి నేను బాకీల కాగితం అని పేరు పెట్టుకున్నాను. అంగడివాడు ఖాతా రాసుకున్నట్టే: ఎడమవైపు, కథలో తెరిచి వదిలేసిన విషయం, ఏ అధ్యాయంలో తెరిచారు. కుడివైపు, అది మళ్లీ ఎక్కడ కనిపించింది, ఎక్కడ తీరింది. ఆకురాయి ఖాతా ఒక్కటి చూద్దాం. రెండో అధ్యాయం చివర పిప్ దాన్ని కొలిమిలోనుంచి తీస్తాడు. మూడులో ఖైదీ దానితో కాలి సంకెల కోస్తుంటాడు. పదిలో, సారాకొట్లో కూర్చున్న ఎవరో కొత్తమనిషి తన రమ్మును ఆకురాయితో కలుపుతాడు. 16లో, పిప్ అక్కను ఎవరో వెనకనుంచి కొట్టి పడేసినచోట, చాలాకాలం కిందట కోసిన కాలి సంకెల దొరుకుతుంది. 39లో ఖైదీని చూడగానే, ఆకురాయి తీసి చూపించనక్కరలేకుండానే గుర్తుపట్టాను అంటాడు పిప్. 53లో, ఒకప్పుడు జో కొలిమిలో పనిచేసిన ఓర్లిక్, ఆ సంకెలను చిత్తడి నేలల్లో ఏరి దాచుకున్నదీ, దానితో కొట్టినదీ తానేనని ఒప్పుకుంటాడు. యాభై అధ్యాయాల దూరం నడిచిన వస్తువు అది.

దీన్ని నేనూ చెయ్యి కాల్చుకున్నాకే నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఈ నవలకే విద్యార్థుల కోసం సారాంశం రాసినప్పుడు, 16వ అధ్యాయంలో "పిప్ అక్క మీద ఎవరో దాడి చేస్తారు, ఆమెకు మాట పడిపోతుంది" అని రాసి సంకెలను వదిలేశాను. అసలు విషయం దాడే కదా అనుకున్నాను. 53 దగ్గరికి వచ్చేసరికి ఓర్లిక్ మాటలకు ఆధారం లేకుండా పోయింది. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి జరిగింది. ఆ సంకెల తెగింది తాను తెచ్చిచ్చిన ఆకురాయితో కాబట్టి, అక్కను కొట్టిన ఆయుధం ఒక విధంగా తానే అందించినట్టయిందని పిప్ 16లోనే కుమిలిపోతాడు. ఆ అపరాధభావం మొత్తం నా సారాంశంలో మాయమైంది. ఒక్క వస్తువు పోతే, దానికి కట్టిన మనసు కూడా పోతుంది.

పదో అధ్యాయాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. మీరు ఈపాటికే రాసి ఉంటారు. అది బిడ్డీ అనే ఊరి అమ్మాయిని చదువు చెప్పమని పిప్ అడగడంతో మొదలవుతుంది. తర్వాత చర్చి గుమాస్తా వోప్సిల్ గారి ముసలి బంధువు నడిపే సాయంకాలపు బడి గోల వస్తుంది: చిరిగిన పుస్తకం, పిల్లల అల్లరి, నిద్రపోయే పంతులమ్మ. చాలా సరదాగా ఉంటుంది. ఆ తర్వాత సారాకొట్టు, కొత్తమనిషి, ఇల్లు. ఉన్నది ఉన్నట్టు క్రమంలో రాసుకుంటూ వెళ్తే సారాంశం ఇలా తయారవుతుంది:

"పిప్ బిడ్డీ దగ్గర చదువుకోవాలనుకుంటాడు. బడిలో పిల్లలు అల్లరి చేస్తుంటారు. సాయంత్రం పిప్ జోను పిలుచుకురావడానికి సారాకొట్టుకు వెళ్తాడు. అక్కడ జో, వోప్సిల్, ఒక కొత్తమనిషి కూర్చుని ఉంటారు. కొత్తమనిషి పిప్ గురించి అడిగి, అతనికి ఒక షిల్లింగు ఇస్తాడు. ఇంటికి వచ్చి చూస్తే దాన్ని చుట్టిన కాగితం రెండు నోట్లు. జో తిరిగివ్వడానికి వెళ్తే ఆ మనిషి ఉండడు."

ఇందులో తప్పు ఒక్కటీ లేదు. కానీ చదివినవాళ్లకు ఇది ఎవరో దయగల బాటసారి కథ. ఆకురాయి లేదు కాబట్టి భయం లేదు. భయం లేదు కాబట్టి ఇది ఎందుకు జరిగిందన్న ప్రశ్నే పుట్టదు. దారాన్ని పట్టుకుని రాస్తే:

"ఎస్టెల్లా ముందు మోటుగా కనిపించకూడదని పిప్ బిడ్డీని చదువు చెప్పమని అడుగుతాడు. ఆ సాయంత్రం సారాకొట్లో ఒక కొత్తమనిషి, పిప్‌కు మాత్రమే కనిపించేలా, తన రమ్మును ఆకురాయితో కలుపుతాడు. అది జో కొలిమిలోదే అని పిప్ గుర్తుపడతాడు. ఇతనికి ఆ ఖైదీ తెలుసని అర్థమై బిగుసుకుపోతాడు. వెళ్తూ వెళ్తూ ఆ మనిషి నలిపిన కాగితంలో చుట్టి ఒక షిల్లింగు ఇస్తాడు. ఆ కాగితం రెండు ఒక పౌండు నోట్లని ఇంటికి వెళ్లాక బయటపడుతుంది. జో తిరిగివ్వబోతే అతను అప్పటికే వెళ్లిపోయాడు. ఖైదీతో తన రహస్య సంబంధం తెగలేదన్న బెదురుతో పిప్ నిద్రపోతాడు."

రెండోదానికి ఇరవై చిల్లర మాటలే ఎక్కువ పట్టాయని గమనించండి. బడి అల్లరి పోయింది, ఆకురాయి వచ్చింది. ఆ నోట్లు పంపింది ఖైదీయే అని ఇక్కడ చెప్పలేదు. అది 28లో, బండి మీద తన వెనక కూర్చున్న ఇద్దరు ఖైదీల సంభాషణ ద్వారా పిప్ చెవిన పడుతుంది. 39లో పిప్ రెండు కొత్త నోట్లు తీసి ఆ బాకీ తీర్చబోతే, వచ్చినవాడు వాటిని మడిచి దీపానికి అంటించి బూడిద చేస్తాడు. పదో అధ్యాయంలో నోట్లు రెండు అని లెక్క చెప్పకపోతే 39లో ఆ మంట దేనికో తెలియదు.

ఇప్పుడు తెలుగులో రాసేటప్పుడు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటి చెప్పాలి. మన భాషలో క్త్వార్థక క్రియలు ఎన్నయినా గుచ్చవచ్చు. చేసి, చూసి, తీసుకుని, వెళ్లి అంటూ ఒక అధ్యాయం మొత్తాన్ని ఒక్క వాక్యంలో పెట్టేయవచ్చు. సారాంశం రాసేవాళ్లకు ఇది పెద్ద సౌకర్యం, పెద్ద ప్రమాదం కూడా. "పిప్ తెల్లవారుజామున లేచి, ఆకురాయి దొంగిలించి, చిత్తడి నేలల్లోకి వెళ్లి, ఖైదీకి తిండి పెట్టి, ఇంటికి తిరిగి వస్తాడు." ఈ వాక్యం బరువంతా ఎక్కడ పడింది? "ఇంటికి తిరిగి వస్తాడు" మీద. దొంగతనం, ఖైదీ, తిండి అన్నీ ఇంటికి రావడానికి దారిలో మజిలీలయిపోయాయి. సమాపక క్రియకే చదివేవాళ్ల మనసు ఆగుతుంది. అందుకని దారానికి సంబంధించిన పనిని ఎప్పుడూ సమాపక క్రియగా రాయండి. మిగతావాటిని దాని ముందు గుచ్చండి. "తెల్లవారకముందే చిత్తడి నేలల్లోకి వెళ్లి పిప్ ఖైదీకి తిండీ ఆకురాయీ ఇస్తాడు." ఇంటికి వచ్చాడని చెప్పనే అక్కరలేదు. తర్వాతి అధ్యాయంలో ఇంట్లోనే ఉంటాడు కదా. మీ పాత సారాంశాలు తీసి, ప్రతి వాక్యం చివరి క్రియ కింద గీత గీయండి. గీతలు గీసిన మాటలన్నీ వెళ్తాడు, వస్తాడు, కూర్చుంటాడు, మాట్లాడుకుంటారు అని తేలితే, ఆవిడకు కథ ఎటు పోతోందో ఎందుకు తెలియలేదో అక్కడే దొరుకుతుంది.

దీనికి తోడు ఇంకో మెలకువ కావాలి. ఈ నవలలో ప్రధాన దారం పక్కనే ఒక దొంగ దారం నడుస్తుంది. 18వ అధ్యాయంలో లాయరు జాగర్స్ ఊరికి వచ్చి, పిప్‌కు గొప్ప ఆస్తి రాబోతోందనీ, ఇచ్చేవారి పేరు వారే చెప్పేదాకా అడగకూడదనీ షరతు పెడతాడు. పేరు చెప్పడు. జాగర్స్‌ను పిప్ అంతకుముందు మిస్ హావిషామ్ ఇంటి మెట్ల మీద చూశాడు కాబట్టి, ఇచ్చేది ఆవిడే అని నమ్మేస్తాడు. 19లో వీడ్కోలు చెప్పడానికి వెళ్తే, ఆవిడ కూడా అతని భ్రమను చెదరగొట్టదు. నేను చూసిన విద్యార్థుల సారాంశాల్లో ఎక్కువభాగం ఇక్కడే దారి తప్పాయి. "మిస్ హావిషామ్ ఇచ్చిన డబ్బుతో పిప్ లండన్ వెళ్తాడు" అని రాసేస్తారు. అది పిప్ నమ్మకం, కథలో నిజం కాదు. సారాంశం అబద్ధం చెప్పకూడదు. అలాగని ఖైదీ సంగతి 18లోనే బయటపెడితే, మీ బృందంలోవాళ్లకు 39వ అధ్యాయం దక్కకుండా పోతుంది.

దీనికి మందు తెలుగులో సిద్ధంగానే ఉంది: 'అని'. "మిస్ హావిషామే ఇస్తోందని పిప్ నమ్ముతాడు. జాగర్స్ అవుననడు, కాదనడు." ఈ రెండు వాక్యాలు ఇప్పుడు చదివినా నిజమే, 39 చదివాక వెనక్కి వచ్చి చదివినా నిజమే. 18 నుంచి 38 దాకా, డబ్బు ఎవరిదన్న ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా నమ్మేది ఎవరో వాక్యంలో కనిపించాలి. ఎస్టెల్లాను తనకిచ్చి చేస్తారన్నది కూడా పిప్ ఊహే, దాన్నీ అలాగే రాయండి. ఇరవై అధ్యాయాల పొడవునా ఈ 'అని' వదలకుండా పట్టుకోవడం చిన్న పనిలా కనిపిస్తుంది కానీ, నన్నడిగితే ఈ నవల సారాంశానికి ప్రాణం అందులోనే ఉంది.

రెండో ప్రశ్న జోది. ఇది మెల్లగా నడిచే దారం కాబట్టి సారాంశాల్లో సులువుగా తెగిపోతుంది. 27లో జో లండన్ వస్తాడు. పొయ్యి మీది అంచున పెట్టిన టోపీ మాటిమాటికీ పడిపోతుంటే పట్టుకోవడానికి తంటాలు పడతాడు. నవ్వొస్తుంది, రాయాలనిపిస్తుంది. కానీ ఆ అధ్యాయానికి కీలకం టోపీ కాదు. డబ్బిచ్చి జో రాకను ఆపగలిగితే ఆపేసేవాణ్ణని పిప్ మొదట్లోనే ఒప్పుకుంటాడు. జో అతన్ని 'సర్' అని పిలుస్తాడు. వెళ్తూ, ఇలాంటి బట్టల్లో ఇక్కడ తనది తప్పుచోటు అని తానే అర్థం చేసుకుని చెబుతాడు. ఎస్టెల్లా ఊరికి వచ్చిందన్న కబురు తెచ్చింది కూడా జోయే. ఆ కబురు అందుకుని 28లో బయల్దేరిన పిప్, ఊళ్లో దిగి జో ఇంట్లో కాకుండా సత్రంలో బస చేయడానికి తనకు తాను సాకులు చెప్పుకుంటాడు. 27 సారాంశంలో కబురు తెచ్చింది జో అని రాసి, 28లో సత్రం సంగతి రాస్తే చాలు, మీరు ఒక్క వ్యాఖ్య చేయకుండానే ఆ దూరం చదివేవాళ్లకు తగులుతుంది. 57లో జబ్బు పడ్డ పిప్‌కు సేవ చేసి, అతని అప్పు 123 పౌండ్ల చిల్లర కట్టేసి, చెప్పకుండా వెళ్లిపోయేది ఆ జోయే. అది కూడా బాకీల కాగితంలో కుడివైపు పడవలసిన పద్దు.

నిడివి గురించి ఎక్కువ చెప్పను. 59 అధ్యాయాలకు మొత్తం ఆరేడు వేల మాటలు చాలు. సగటున నూటికి కాస్త పైన. సగటు అన్నానే కానీ, అన్నిటికీ అంతే ఇవ్వమని కాదు. ఆరో అధ్యాయం అసలే రెండు మూడు పేజీలు, దొంగతనం సంగతి జోకు చెప్పలేకపోయానన్న వేదన మాత్రమే. ముప్ఫై మాటలు చాలు. 39కి మూడు వందలు ఇవ్వండి. 31 చూడండి, వోప్సిల్ లండన్ వచ్చి హామ్లెట్ వేషం కట్టి ప్రేక్షకుల చేత ఎగతాళి పడతాడు. అధ్యాయం అంతా హాస్యంగా ఉంటుంది. దానికి రెండు వాక్యాలు సరిపోతాయి, కానీ వోప్సిల్ నటుడయ్యాడన్న సంగతి తప్పక ఉండాలి. ఎందుకంటే 47లో వేదిక మీద నిలబడి, పిప్ వెనక సీట్లో కూర్చున్న రెండో ఖైదీని చూసేది అతనే. ఆ రెండో ఖైదీ పిప్‌ను వెంటాడుతున్నాడని తెలిసేది అలాగే.

మీరు ఆగిన 22వ అధ్యాయం గురించి విడిగా చెప్పాలి. కథలో కథ వచ్చే అధ్యాయాలన్నిటికీ అది నమూనా. లండన్లో పిప్‌తో కలిసి ఉండే హెర్బర్ట్ భోజనం చేస్తూ మిస్ హావిషామ్ గతం చెబుతాడు. మధ్యమధ్యలో పిప్‌కు చెంచా ఎలా పట్టుకోవాలో, కత్తి నోట్లో ఎందుకు పెట్టుకోకూడదో మర్యాదగా నేర్పుతుంటాడు. చెప్పిన వరుసలో రాస్తే గజిబిజి అవుతుంది. దీన్ని రెండుగా విడదీయండి. మొదట ప్రస్తుతం ఒక వాక్యంలో: హెర్బర్ట్ స్నేహితుడవుతాడు, పిప్‌కు పట్నపు మర్యాదలు నేర్పుతాడు. తర్వాత గతం, జరిగిన క్రమంలో, భూతకాల క్రియలతో. ప్రస్తుతానికి వస్తాడు, చెబుతాడు అనీ, గతానికి వచ్చాడు, మోసగించాడు అనీ వాడితే ఏది ఎప్పటిదో ఎవరికీ సందేహం రాదు.

ఆ గతంలో పోగొట్టుకోకూడనివి ఏవో బాకీల కాగితమే చెబుతుంది. పెళ్లికొడుకు మోసగాడు. మిస్ హావిషామ్ సవతి తమ్ముడు అతనితో కుమ్మక్కయ్యాడు. పెళ్లిరోజు ఉత్తరం అందిన సమయానికే ఆవిడ గడియారాలన్నీ ఆపేసింది. ఇద్దరి పేర్లూ హెర్బర్ట్ చెప్పడు. పేర్లు చెప్పలేదన్నది మీ సారాంశంలో ఉండాలి. 42లో ఖైదీ తన జీవితం చెబుతూ కాంపీసన్, ఆర్థర్ అనే రెండు పేర్లు పలుకుతాడు. అది విన్న హెర్బర్ట్, ఆర్థర్ అంటే ఆ సవతి తమ్ముడు, కాంపీసన్ అంటే ఆ పెళ్లికొడుకు అని పుస్తకం అట్ట మీద రాసి పిప్‌కు చూపిస్తాడు. అప్పటిదాకా వేర్వేరుగా నడిచిన రెండు కథలు ముడిపడేది ఆ పెన్సిలు రాతలో.

పేర్ల విషయంలో ఒక చిన్న జాగ్రత్త. ఖైదీ పేరు మాగ్విచ్ అని 40లోగాని తెలియదు. బయటివాళ్లకు అతను ప్రోవిస్, 46లో కొత్త ఇంటివాళ్లకు క్యాంబెల్. 39 దాకా 'ఖైదీ' అనీ, 40 నుంచి మాగ్విచ్ అనీ రాయండి. మారుపేర్లు ఒక్కసారి చెప్పి వదిలేయండి. హెర్బర్ట్ పిప్‌ను హాండెల్ అని పిలుస్తాడు, దాన్నీ అంతే. మిస్ హావిషామ్, ఎస్టెల్లా ఇద్దరూ ఉన్న సన్నివేశాల్లో 'ఆమె' అన్న మాటను నమ్మకండి, పేరే రాయండి. ఇంగ్లీషులోనూ ఈ చిక్కు ఉంది కానీ, మనం కర్తను వదిలేసి రాసే అలవాటున్నవాళ్లం కాబట్టి మనకు రెట్టింపు అవుతుంది.

మీ బృందంలో అందరి పుస్తకాలూ ఒకే ముద్రణ కావేమో చూడండి. 1861లో ఇది మూడు సంపుటాలుగా వచ్చినప్పుడు ప్రతి సంపుటానికీ అధ్యాయాల లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలైంది. ఇప్పటికీ కొన్ని ప్రతుల్లో అలాగే ఉంటుంది. మీ 20వ అధ్యాయం పక్కవారికి రెండో సంపుటం ఒకటో అధ్యాయం కావచ్చు. రెండు అంకెలూ వేయండి. ఆ మూడు భాగాల హద్దులు, అంటే 19, 39 అధ్యాయాల చివర, మీకు ఇంకోలా కూడా పనికొస్తాయి. అక్కడ ఆగి, ఇప్పటిదాకా కథ అంటూ ఐదారు వాక్యాల పేరా ఒకటి రాయండి. అందులో సంఘటనలు కాకుండా, ఇంకా తీరని బాకీలు మాత్రమే ఉండాలి. మూడు వారాలు రాలేకపోయినవాళ్లు మొదట వెతుక్కునేది ఆ పేరానే.

కొత్తగా రాసిన 19 అధ్యాయాలూ ముందుగా ఆ ఆవిడకే ఇవ్వండి. చదివాక మూడు ప్రశ్నలు అడగండి. పిప్‌కు డబ్బు ఎవరిస్తున్నారు? సారాకొట్లో నోట్లు ఇచ్చిన మనిషి ఎవరై ఉంటాడు? ఊరు విడిచి వెళ్తూ పిప్ ఎవరి ముఖం చూడలేకపోయాడు? రెండోదానికి "ఖైదీకి తెలిసినవాడెవరో" అనీ, మూడోదానికి "జో" అనీ వస్తే దారాలు రెండూ నిలిచాయి. మొదటిదానికి ఆవిడ "మిస్ హావిషామ్" అంటే, 18కి వెళ్లి 'అని' ఎక్కడ జారిపోయిందో వెతకండి. "మిస్ హావిషామ్ అని పిప్ అనుకుంటున్నాడు" అంటే 20 మొదలుపెట్టండి.